గర్భసంచి తీసే ఆపరేషన్: సంతకానికి ముందు మీకు తెలియాల్సినవి

ప్రశ్న: నా వయసు 41. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. ఏడాదిగా పీరియడ్స్ వస్తే ఎనిమిది రోజులు ఆగట్లేదు, గడ్డలు గడ్డలుగా పడుతోంది. స్కానింగులో గర్భసంచిలో 5 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉందన్నారు. హిమోగ్లోబిన్ 8.2. "పిల్లలు అయిపోయారు కదా, తీయించేసుకో, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అని వచ్చే మంగళవారం ఆపరేషన్ పెట్టారు. ఇంగ్లీషులో ఉన్న ఫారం మీద మా ఆయన సంతకం అడిగారు, నాతో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆ ఆపరేషన్‌లో ఏం చేస్తారు? వేరే దారి లేదా? ఇప్పుడు వద్దంటే నన్ను ఏమైనా అంటారా?

సమాధానం:

అమ్మా, మీరు రాసిన వివరాల్లో మంగళవారమే ఆపరేషన్ జరిగి తీరాలి అనిపించేది ఒక్కటీ లేదు. పైగా 8.2 హిమోగ్లోబిన్‌తో, ముందే నిర్ణయించుకుని చేసే ఆపరేషన్‌కు వెళ్లకపోవడమే మంచిది. ముందు రక్తం పెరగాలి. దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో మీరు ప్రశాంతంగా ఆలోచించుకోవచ్చు, ఇంకో డాక్టరుకు చూపించుకోవచ్చు. నేను స్త్రీల వైద్యురాలిని, ఈ ఆపరేషన్లు చాలా ఏళ్లుగా చేస్తున్నాను. మిమ్మల్ని పరీక్ష చేయలేదు కాబట్టి, మీ డాక్టరు చేత్తో చూసి కనిపెట్టినది ఇంకేదైనా ఉంటే అది ఆవిడనే అడగాలి. అయితే మీరు నా ముందు కూర్చుని ఉంటే సంతకానికి ముందు నేనేం చెప్పేదాన్నో అదంతా ఇక్కడ రాస్తాను.

ఫారం సంగతి ముందు. దాని మీద సంతకం అనేది, డాక్టరు మీతో మాట్లాడారు, మీకు అర్థమైంది, మీరు ఒప్పుకున్నారు అనడానికి గుర్తు మాత్రమే. ఆ మాటలే జరగకపోతే సంతకానికి విలువ లేదు. ఈ విషయంలో సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది, అది మీలాంటి కేసే. సమీరా కోహ్లీ అనే 44 ఏళ్ల మహిళ 1995లో బ్లీడింగ్ ఎక్కువవుతోందని ఢిల్లీలో ఒక డాక్టరు దగ్గరకు వెళ్లారు. కెమెరాతో లోపల చూసే పరీక్షకు, అవసరమైతే పొట్ట కోసి చూడటానికి ఆవిడ సంతకం పెట్టారు. మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి చేత ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకుని గర్భసంచి, ట్యూబులు, రెండు ఓవరీలు తీసేశారు. కోర్టు ఏమందంటే, ఆవిడ వయసొచ్చిన మనిషి, తెలివిలోకి వచ్చాక అడిగితే సరిపోయేది, ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి కాదు, కాబట్టి తల్లి సంతకం చెల్లదు అని. ఆపరేషన్ మంచికే చేశామన్న వాదన కూడా నిలబడలేదు. డాక్టరుకు ఫీజు రాదని చెప్పి, 25,000 రూపాయల పరిహారం కూడా ఇప్పించింది.

అదే తీర్పులో, రోగికి ముందుగా ఏమేమి చెప్పాలో కూడా ఉంది. ఏం చేయబోతున్నారు, ఎందుకు, దానివల్ల ఏం ఒరుగుతుంది, వేరే మార్గాలు ఏమున్నాయి, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి, వద్దంటే ఏం జరుగుతుంది. వీటిలో మీకు ఎన్ని చెప్పారో మీరే చూసుకోండి.

మీ ఆయన సంతకం గురించి. గర్భం రాకుండా పోయే ఆపరేషన్లకు భార్యాభర్తలిద్దరి సంతకాలూ తీసుకోవాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లో ఉంది. అందుకే ఆసుపత్రులు భర్తనీ అడుగుతాయి, అందులో తప్పు లేదు. కానీ ఆయన సంతకం మీ సంతకానికి తోడు, బదులు కాదు. మీకు తెలివి ఉండగా, మీరు మాట్లాడగలిగి ఉండగా మీ ఒంటి మీద నిర్ణయం మీదే. ఆయన సంతకం పెట్టేసి, మీరు పెట్టకపోతే ఆపరేషన్ చేయకూడదు.

ఇప్పుడు ఆపరేషన్ ఎలా చేస్తారో చెప్తాను. గర్భసంచిని దాని ముఖద్వారంతో సహా తీస్తారు. మూడు దారులున్నాయి. పొట్ట కింద అడ్డంగానో నిలువుగానో కోసి తీయడం, కోత లేకుండా యోని ద్వారా తీయడం, చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో తీయడం. పొట్ట కోస్తే మూడు నుంచి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండాలి, మిగతా రెండు పద్ధతుల్లో ఒకటి రెండు రోజులు. నడుము దగ్గర వెన్నులోకి ఇంజెక్షన్ ఇచ్చి కింది భాగం మొద్దుబారేలా చేస్తారు, లేదా పూర్తి మత్తు ఇస్తారు. ఆపరేషన్ గంట నుంచి రెండు గంటలు. మూత్రానికి గొట్టం వేస్తారు, సాధారణంగా మర్నాడు తీసేస్తారు. ఇంటికి వెళ్లాక ఆరు వారాల పాటు నీళ్ల బిందె లాంటి బరువులు ఎత్తకూడదు. లోపలి కుట్లు మానేదాకా భార్యాభర్తలు కలవకూడదు, దానికీ కనీసం ఆరు వారాలే. కూలి పనికో పొలం పనికో వెళ్లేవాళ్లకు ఇది చిన్న మాట కాదు. ఆ నెలన్నర ఇంట్లో వంట ఎవరు చేస్తారు, నీళ్లు ఎవరు తెస్తారు అన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి.

తర్వాత పీరియడ్స్ రావు, పిల్లలు పుట్టరు. బ్లీడింగ్ సమస్య పూర్తిగా పోతుంది, ఇదొక్కటే ఆ మాట గట్టిగా చెప్పగల వైద్యం. ఇంత బాధ పడ్డవాళ్లకు అది పెద్ద లాభమే. మంచి సమయంలో, అవసరమైన మనిషికి చేస్తే ఇది మంచి ఆపరేషన్, నేను దానికి వ్యతిరేకిని కాను.

ఇక్కడ ఒక విషయం నెమ్మదిగా చదవండి. ఫారంలో ఆపరేషన్ పేరు రాసే చోట ఏం రాశారో చూడండి. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి తీయడం. దాని పక్కన బీఎస్ఓ అని ఉంటే, రెండు వైపులా ట్యూబులు, ఓవరీలు కూడా తీస్తారన్నమాట. గర్భసంచి వేరు, ఓవరీలు వేరు. పీరియడ్స్ వచ్చేది గర్భసంచి నుంచి. కానీ ఎముకలను, గుండెను, నిద్రను, మనసును నిలబెట్టే ఈస్ట్రోజన్ హార్మోను వచ్చేది ఓవరీల నుంచి. 41 ఏళ్లకు రెండు ఓవరీలూ తీసేస్తే, మామూలుగా యాభైకి అటూ ఇటూ నెమ్మదిగా రావాల్సిన మెనోపాజ్ కొద్ది రోజుల్లో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, చెమటలు, నిద్ర లేకపోవడం, యోని పొడిబారి కలయికలో నొప్పి. ఇవి పైకి కనిపించేవి. కనిపించనివి ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు త్వరగా రావడం. ఆ వయసులో ఓవరీలు తీసినవాళ్లకు, ఇవ్వకూడని కారణం లేకపోతే, యాభై దాకా హార్మోను మందులు ఇవ్వాలి. మన ఊళ్లలో ఆ మందులు ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. నలభై ఐదేళ్లకే నడుము వంగిపోయి, "అప్పుడు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచే ఇలా అయ్యాను" అని చెప్పే ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో సగం మందికి ఓవరీలు ఉన్నాయో తీశారో కూడా తెలియదు.

మీ కేసులో, స్కానింగులో ఓవరీలు బాగుంటే, తల్లికో అక్కచెల్లెళ్లకో ఓవరీ క్యాన్సరు, చిన్న వయసులో రొమ్ము క్యాన్సరు లాంటి చరిత్ర లేకపోతే, వాటిని తీయడానికి కారణం కనిపించదు. ట్యూబులు తీయడం వేరు. వాటి నుంచి హార్మోను రాదు, తీస్తే ముందు ముందు ఓవరీ క్యాన్సరు ముప్పు తగ్గుతుంది కాబట్టి చాలామంది డాక్టర్లు తీస్తారు, నేనూ తీస్తాను. అదైనా మీకు చెప్పి, మీరు సరేనంటేనే. ఇంకోమాట, ఓవరీలు ఉంచినా గర్భసంచి తీసినవాళ్లలో కొందరికి మెనోపాజ్ కాస్త ముందుగానే వస్తుంది.

ప్రమాదాల గురించి చెప్పేటప్పుడు నేను బ్రిటన్ స్త్రీవైద్యుల కాలేజీ తన వైద్యులకు ఇచ్చిన అంకెలు వాడతాను. అవి పొట్ట కోసి చేసే ఆపరేషన్‌కు సంబంధించినవి, అన్ని సదుపాయాలూ ఉన్న ఆసుపత్రుల నుంచి వచ్చినవి. అక్కడ నూరు మందిలో నలుగురికి చెప్పుకోదగ్గ పెద్ద ఇబ్బంది ఏదో ఒకటి వస్తుంది. రక్తం ఎక్కించాల్సినంత రక్తస్రావం వెయ్యిలో 23 మందికి. మూత్రాశయానికి గానీ, కిడ్నీ నుంచి దానికి మూత్రం తెచ్చే మూత్రనాళానికి గానీ దెబ్బ తగలడం వెయ్యిలో ఏడుగురికి. మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకెళ్లాల్సి రావడం కూడా అంతే. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టడం వెయ్యిలో నలుగురికి. పేగుకు దెబ్బ పది వేలలో నలుగురికి. ఆరు వారాల్లోపు ప్రాణం పోవడం లక్షలో 32 మందికి. మీరు భయపడాలని ఇవి చెప్పట్లేదు, చాలామంది బాగానే ఇంటికి వెళ్తారు. కానీ "అబ్బే, చిన్న ఆపరేషనే" అని ఎవరైనా అంటే అది నిజం కాదు.

ఈ అంకెలు అందరికీ ఒకేలా వర్తించవు. మీ విషయంలో రెండు పెరుగుతాయి. హిమోగ్లోబిన్ 8.2 ఉంది కాబట్టి, మామూలు మనిషి తట్టుకునే రక్తస్రావానికే మీకు రక్తం ఎక్కించాల్సి రావచ్చు. రెండోది మీ సిజేరియన్లు. సిజేరియన్‌లో కోత పడేది సరిగ్గా మూత్రాశయం గర్భసంచికి ఆనుకుని ఉండే చోట. కోత మానేటప్పుడు ఆ రెండూ అతుక్కుపోవచ్చు. గర్భసంచి తీయాలంటే మూత్రాశయాన్ని అక్కడి నుంచి విడదీసి కిందికి జరపాలి, దెబ్బ తగిలేది అప్పుడే. మూత్రనాళం సంగతి కూడా అలాంటిదే. అది గర్భసంచి ముఖద్వారానికి ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో, మేము కట్టాల్సిన పెద్ద రక్తనాళం కిందుగా పోతుంది. కాబట్టి డాక్టరును మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: "నాకు రెండు సిజేరియన్లయ్యాయి, మూత్రాశయం అతుక్కుని ఉంటే ఏం చేస్తారు, అవసరమైతే యూరాలజీ డాక్టరు అందుబాటులో ఉంటారా?" ఈ ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టరు దగ్గర చేయించుకోండి.

దెబ్బ తగిలిన సంగతి బల్ల మీదే తెలిస్తే అక్కడే కుట్టేస్తారు, గొట్టం కొన్ని రోజులు ఎక్కువ ఉంచుతారు, చాలావరకు సరిపోతుంది. అసలు ఇబ్బంది అప్పుడు తెలియకపోవడం. రెండు మూడు రోజులకు ఒక పక్క నడుము నొప్పి, జ్వరం వస్తే మూత్రనాళం గురించి ఆలోచించాలి. వారం రెండు వారాలకు యోని నుంచి నీళ్లలా కారుతూ, ఎన్ని బట్టలు మార్చినా తడిగానే ఉంటే అది తెల్లబట్ట కాదు, మూత్రం. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి ఇంట్లో దాచుకునేవాళ్లు ఉన్నారు. దానికి వైద్యం ఉంది, వెంటనే వెళ్లాలి. ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రాత్రయినా సరే ఆగకూడదు.

క్యాన్సర్ అవుతుందన్న మాట. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలో పెరిగే గడ్డ. అది క్యాన్సరు కాదు, ఉంచుకుంటే క్యాన్సరుగా మారిపోతుందన్నది సరైన మాట కాదు. ఫైబ్రాయిడ్ అనుకున్నది క్యాన్సరుగా తేలడం నూటికి ఒకరిలో కూడా ఉండదు. మెనోపాజ్ తర్వాత ఫైబ్రాయిడ్లు వాటంతట అవే కుంచించుకుపోతాయి. ఆ భయం చూపించి గర్భసంచి తీయడం మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు దాటితే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిది మంది దాటారు. అనవసరంగా ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయన్న వ్యాజ్యంలో, వాటిని అడ్డుకోవడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

అయితే మీ వయసులో బ్లీడింగ్ ఇలా మారితే నిజంగా చూసుకోవాల్సిన చోటు ఒకటుంది, అది గర్భసంచి లోపలి పొర. సన్నని గొట్టంతో ఆ పొర ముక్క కొంచెం తీసి పరీక్షకు పంపాలి. కొన్ని నిమిషాల పని, పీరియడ్స్ నొప్పిలా కాసేపు పట్టేస్తుంది. దాంతోపాటు ముఖద్వారానికి ప్యాప్ స్మియర్, రక్తంలో థైరాయిడ్. క్యాన్సరు భయం ఉందన్నప్పుడు ఈ పరీక్షలు చేయకుండా నేరుగా ఆపరేషన్ చేయడం పొరపాటు, ఎందుకంటే నిజంగా క్యాన్సరు ఉంటే చేయాల్సిన ఆపరేషన్ వేరు, చేయాల్సిన డాక్టరూ వేరు. మీకు ఈ పరీక్షలు చేశారా అన్నది మీ ప్రశ్నలో లేదు. చేసి ఉంటే రిపోర్టు అడిగి తీసుకోండి.

ఆపరేషన్ కాకుండా ఉన్న దారులు, గడ్డ ఎక్కడుందన్నదాన్ని బట్టి మారతాయి. 5 సెంటీమీటర్లంటే పెద్ద నిమ్మకాయంత. అది గర్భసంచి బయటి వైపు ఉంటే మీ బ్లీడింగుకు అసలు కారణం అదే అని చెప్పలేం. గోడ మధ్యలో ఉంటే అదే కారణం కావచ్చు, కాకపోవచ్చు. లోపలి గదిలోకి పొడుచుకొచ్చి ఉంటే చిన్నదైనా విపరీతంగా బ్లీడింగ్ అవుతుంది. మీ స్కానింగు రిపోర్టులో ఇది రాసి ఉంటుంది, లేకపోతే స్కానింగు డాక్టరుతో చెప్పించుకోండి.

అన్నిటికంటే ముందు ఐరన్. మాత్రలు పడకపోతే, లేదా త్వరగా పెరగాలంటే, సెలైన్‌లో కలిపి ఐరన్ ఇంజెక్షన్ ఇస్తారు, నెల రోజుల్లో తేడా తెలుస్తుంది. బ్లీడింగ్ రోజుల్లో ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు, ఎక్కువ పడే నాలుగు రోజులు మాత్రమే వేసుకునేవి, బ్లీడింగ్‌ను దాదాపు సగానికి తగ్గిస్తాయి. ఇంతకుముందు కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టి ఉంటే ఇవి వేసుకోకూడదు. హార్మోను మాత్రలతో కొన్నాళ్లు పీరియడ్స్ వాయిదా వేసి రక్తం పెరగనివ్వడం ఇంకో పద్ధతి.

మీ వయసుకు నేను ఎక్కువగా సూచించేది హార్మోను ఉన్న లూప్. కాపర్-టీ లాంటిదే, కానీ రాగికి బదులు ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోనును గర్భసంచి లోపలే కొంచెం కొంచెంగా వదులుతుంది. ఓపీలోనే పెట్టొచ్చు, ఐదేళ్లు పైనే పనిచేస్తుంది. మీకు 41, ఒకటి పెట్టించుకుని, అవసరమైతే ఇంకోటి మార్చుకుంటే మెనోపాజ్ దాకా వెళ్లిపోవచ్చు. సరిపడినవాళ్లలో బ్లీడింగ్ చాలా బాగా తగ్గుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. దీని ఇబ్బందులూ చెప్పాలి. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా కనిపిస్తూనే ఉంటుంది, చాలామంది విసిగిపోయి తీయించేసుకునేది అప్పుడే. గడ్డ లోపలి గదిని వంకర చేసి ఉంటే లూప్ జారిపోవచ్చు. కొందరికి పనిచేయదు, చివరికి ఆపరేషన్‌కే రావాల్సి వస్తుంది. గడ్డ గదిలోకి పొడుచుకొచ్చి ఉంటే, పొట్ట మీద కోత లేకుండా కింది నుంచి కెమెరా పంపి గడ్డను మాత్రమే చెక్కి తీసేయొచ్చు. అది సాధారణంగా చిన్న గడ్డలకు బాగుంటుంది, 5 సెంటీమీటర్లంటే రెండుసార్లు చేయాల్సి రావచ్చు. గడ్డకు వెళ్లే రక్తనాళాలను తొడ దగ్గర నుంచి గొట్టం పంపి మూసేసే పద్ధతి కూడా ఉంది, హైదరాబాద్, విశాఖ లాంటి పెద్ద నగరాల్లో చేస్తారు.

వీటిలో ఏదీ పనిచేయకపోయినా, లేదా ఇవన్నీ విన్నాక "నాకు ఈ తిరుగుడు వద్దు, ఒక్కసారి తీసేయండి" అని మీరే అనుకున్నా, గర్భసంచి తీయించుకోవడం తప్పు కాదు. పొర పరీక్షలో తేడా కణాలు కనిపిస్తే నేనే ఆపరేషన్ చేయించుకోమని చెప్తాను. తేడా ఏమిటంటే అప్పుడు అది మీరు తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.

వద్దని చెప్పే హక్కు గురించి అడిగారు. ఫారం మీద సంతకం పెట్టాక కూడా, అడ్మిట్ అయ్యాక కూడా, మత్తు ఇచ్చే ముందు దాకా ఎప్పుడైనా వద్దనొచ్చు. కారణం చెప్పాల్సిన పని లేదు. అప్పటిదాకా చేసిన పరీక్షలకు, బెడ్డుకు డబ్బు కట్టమంటారు, అది కట్టాలి. చేయని ఆపరేషన్‌కు కట్టక్కర్లేదు. డాక్టరు సలహాకు విరుద్ధంగా వెళ్తున్నానని ఒక కాగితం మీద సంతకం అడుగుతారు, పెట్టండి. దానివల్ల మీకు ముందు ముందు వైద్యం రాకుండా పోదు. ఆరోగ్యశ్రీలో అప్రూవల్ వచ్చేసింది, ఇప్పుడు మానితే కార్డు పోతుందని భయపెడితే నమ్మొద్దు. అప్రూవల్ అంటే డబ్బు ఇస్తామని, మీరు ఒప్పుకున్నట్టు కాదు. మీ స్కానింగు, రక్తపరీక్షలు, కేసు షీటు నకళ్లు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. వాటితో ఇంకో డాక్టరుకు చూపించండి, జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అయినా సరే. గొడవ పడక్కర్లేదు. "మేడమ్, నాకు రక్తం తక్కువగా ఉంది, ముందు ఐరన్ ఇచ్చి పొర పరీక్ష చేయండి, నెల తర్వాత వస్తాను" అంటే చాలు. చాలామంది డాక్టర్లు దీనికి ఒప్పుకుంటారు.

వద్దనడానికి కూడా ఒక వెల ఉంది, అది చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. వైద్యం ఏదీ తీసుకోకుండా ఊరికే ఇంట్లో కూర్చుంటే రక్తం ఇంకా తగ్గుతుంది. గంటకో ప్యాడ్ నిండిపోతూ రెండు గంటలకు మించి అలాగే ఉంటే, కళ్లు తిరిగి పడిపోతే, నాలుగడుగులు వేసినా ఆయాసం వస్తే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ప్రాణం మీదకు వచ్చి, మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే అప్పుడు డాక్టరు మీ సంతకం కోసం ఆగక్కర్లేదు, చట్టం ఇచ్చిన మినహాయింపు అదొక్కటే.

ఒకవేళ నెల తర్వాత ఆపరేషనే అనుకుంటే, ఫారం తెలుగులో అడగండి, లేదా తెలుగులో చదివి వినిపించమనండి. ఖాళీలున్న ఫారం మీద సంతకం పెట్టకండి. ఆపరేషన్ పేరు పక్కనే మీ చేతిరాతతో "నా ఓవరీలు తీయవద్దు" అని రాయండి. లోపల ఓవరీ చూడగానే అనుమానంగా కనిపిస్తే ఏం చేయాలన్నది కూడా ముందే మాట్లాడుకుని, అక్కడే రాయించండి, లేకపోతే ఆ నిర్ణయం బయట కూర్చున్న మీ ఆయన మీద పడుతుంది. చేసేది ఎవరో, ఏ పద్ధతిలోనో, రక్తం సిద్ధంగా ఉంచుతారో లేదో అడగండి. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపుతారు, ఆ రిపోర్టు రావడానికి వారం పది రోజులు పడుతుంది. కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అది అడిగి తీసుకోండి. ఏమేమి తీశారో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకుని, రెండూ కలిపి ఇంట్లో దాచుకోండి. పదేళ్ల తర్వాత మీ ఎముకలు చూసే డాక్టరు మొదట అడిగేవి ఆ కాగితాలే.